ఐదు ఎంబీలూ, ఒక ఇన్‌వర్డ్ ముద్రా

ఉద్యోగం చేసినంతకాలం నేను ఇన్‌వర్డ్ సెక్షన్‌లోనే ఉన్నాను. ఎవరైనా కాగితం తెస్తే నకలు మీద ముద్ర గుద్ది, తేదీ వేసి, పొట్టి సంతకం గీకి ఇచ్చేవాణ్ణి. రసీదుల సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదని రిటైరయ్యాక కూడా ఇంట్లో దర్జా వెలగబెట్టాను. ఆదాయపు పన్ను శాఖ నుంచి నోటీసు వచ్చేదాకా ఆ దర్జాకి ఢోకా రాలేదు.

నోటీసులో బెంబేలెత్తాల్సిందేమీ లేదు. స్థలం అమ్మిన డబ్బు ఖాతాలో పడింది కదా, దాని వివరణ, దస్తావేజు నకలు, ఆ ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు పంపమన్నారు. అంతా ఆన్‌లైన్‌లోనే. "నాన్నా, ముందు ఆ నోటీసు అసలుదో దొంగదో చూసుకో" అంది హైదరాబాదు నుంచి మా అమ్మాయి. నోటీసు మీద ఉండే డిన్ నంబరు పోర్టల్లో కొట్టి చూస్తే తెలిసిపోతుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. ఆ ఒక్క పనీ సవ్యంగా చేశాను. తర్వాతి భాగం మా ఆవిడ ఇప్పటికీ పేరంటాల్లో చెబుతోంది.

బ్యాంకువాళ్లు స్టేట్‌మెంటును పీడీఎఫ్‌గానే మెయిల్ చేశారు. ఇరవై నాలుగు పేజీలు, నాలుగొందల కేబీ కూడా లేదు. కానీ సంతకం లేని కాగితం ఒక కాగితమేనా? మొత్తం ప్రింటు తీయించి, ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టి, జిరాక్సు షాపుకి పట్టుకెళ్లి స్కాన్ చేయమన్నాను. "క్వాలిటీ ఎంత పెట్టమంటారు సార్?" అన్నాడు కుర్రాడు. "ఉన్నవాటిల్లో మంచిది" అన్నాను, పెళ్లికి పట్టుచీర కొంటున్నవాడిలా. కలర్లో, మూడొందల డీపీఐలో చేసిచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే ఫైలు ముప్పై ఎంబీ చిల్లర. పోర్టల్ ఒక్కో ఫైలుకి ఇచ్చేది ఐదు ఎంబీలు.

"ఉన్న అక్షరాలే కదమ్మా, ఇంత బరువెలా వచ్చింది?" అని అడిగితే అమ్మాయి లెక్క కట్టి చెప్పింది. మొదటి పీడీఎఫ్‌లో ఉన్నవి నిజంగా అక్షరాలే. స్కాన్ చేశాక అవి అక్షరాలు కావు, కాగితం ఫోటో. మూడొందల డీపీఐలో ఒక ఏ4 పేజీ అంటే అడ్డం 2480, నిలువు 3508 చుక్కలు, వెరసి దాదాపు 87 లక్షలు. రంగుల్లో అయితే చుక్కకి మూడు బైట్లు. కుదించకపోతే పేజీకి 26 ఎంబీ. మామూలుగా కుదిస్తే పేజీ ఒక ఎంబీకి అటూ ఇటూ తేలుతుంది. తెల్లకాగితం మీది తెలుపును కూడా నేను రంగుల్లో పంపబోయానన్నమాట.

నేను ఊరుకున్నానా? నెట్‌లో దొరికిన ఏదో ఉచిత సైటులో వేసి ఫైలును నొక్కేశాను. తొమ్మిదొందల కేబీకి వచ్చింది. ఆ ఆనందంలో తెరిచి చూస్తే మూడుకీ ఎనిమిదికీ తేడా లేదు. స్థలం ముప్పై లక్షలకి అమ్మానో ఎనభై లక్షలకి అమ్మానో ఆ అధికారి ఇష్టం! అంతకన్నా పెద్ద అక్షింతలు ఫోన్లో పడ్డాయి. "ఖాతా నంబరు, పాన్, మొత్తం లావాదేవీలు ఊరూపేరూ తెలియని సైటుకి పంపావా నాన్నా?" మా ఆవిడ స్పీకర్ ఆన్ చేసి మరీ వింది.

స్టేట్‌మెంటుకి అసలు స్కానే అక్కర్లేదు. వచ్చిన పీడీఎఫ్‌నే పెట్టొచ్చు. కాకపోతే బ్యాంకులు దానికి పాస్‌వర్డ్ తగిలించి పంపుతాయి. అలాగే ఎక్కిస్తే అవతల తెరవాల్సినవాళ్లకి అది తాళం వేసిన పెట్టె. పాస్‌వర్డ్ కొట్టి బ్రౌజర్లో తెరిచి, ప్రింటు ఆప్షన్‌కి వెళ్లి, ప్రింటర్ బదులు Save as PDF ఎంచుకుంటే తాళం లేని నకలు తయారవుతుంది. కాగితమూ ఖర్చు కాదు, సిరా కూడా. నా ఇరవై నాలుగు సంతకాలే దండగయ్యాయి.

దస్తావేజు కథ వేరు. అది నిజంగానే కాగితం, స్కాన్ చేయక తప్పదు. నేను ముందు ఫోన్‌తో ఫోటోలు తీసి, ఫైలు పేరు చివరున్న .jpg చెరిపి .pdf అని రాశాను. చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారడు కదా. ఫైలు లోపల మొదటి అక్షరాలే అది ఏమిటో చెప్పేస్తాయి. అసలైన పీడీఎఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే %PDF- అని మొదలవుతుంది, ఫోటో ఎంత పేరు మార్చినా అలా మొదలవదు. చివరికి అదే కుర్రాడి చేత రెండొందల డీపీఐలో, రంగుల్లేకుండా గ్రేస్కేల్లో చేయించాను. పన్నెండు పేజీలూ నాలుగు ఎంబీల్లో సర్దుకున్నాయి. సబ్‌రిజిస్ట్రార్ ముద్ర కూడా చదవడానికి వీలుగా ఉంది. ముద్రల విషయంలో నా చూపు తప్పదు.

ఇక ఎక్కించడం. e-Proceedings లోకి వెళ్లి, నోటీసు తెరిచి, వివరణ రాసి, ఫైళ్లు జత చేశాను. పేర్లు తెరమీద వరసగా కనబడ్డాయి. అంతే, ఫోన్ తీసి ఆ తెరని ఫోటో కొట్టి, కుటుంబ గ్రూపులో పెట్టి, మా ఆవిడని పాయసం చేయమన్నాను. చేసింది కూడా. మర్నాడు చూస్తే నోటీసు ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంది. జత చేయడం వేరు, సమర్పించడం వేరు. కింద డిక్లరేషన్ గడిలో టిక్కు పెట్టి Submit నొక్కాలి. అప్పుడుగానీ జవాబు అవతలకి చేరదు. మా సెక్షన్‌లో అర్జీ రాసుకుని వరండాలోనే కూర్చుని వెళ్లిపోయినవాళ్లని చూసి నవ్వినవాణ్ణి నేను.

రెండోసారి అమ్మాయి ఫోన్లో ఉండగానే కూర్చున్నాను. Partial కావాలా Full కావాలా అని తెర అడిగింది. నేను 'పూర్తి' వైపు వేలు పెడుతుంటే, "ఆగు నాన్నా, ముందు Partial పెట్టు" అంది. పూర్తి జవాబు అన్నాక మళ్లీ ఏదైనా చేర్చడం మన చేతిలో ఉండదట. జతలు పది దాటినా విడతలుగానే పంపాలి. నావి మూడే అయినా, నన్నెరిగిన పిల్ల కాబట్టి అలా అంది.

ఈసారి జవాబు వెళ్లింది. తెరమీద Transaction ID వచ్చింది, మెయిలూ వచ్చింది. నా ఇన్‌వర్డ్ నంబరు అదే. దాన్ని పేజీతో సహా పీడీఎఫ్‌గా దాచాను. కానీ ముద్ర పడిందంటే కాగితం చేరిందనే గానీ, అందులో ఏముందో ముద్రకేం తెలుసు? View Response లోకి వెళ్లి, చేరిన ఫైళ్లను అక్కణ్ణుంచే దించి, ఒక్కొక్కటీ తెరిచాను. స్టేట్‌మెంటు బాగుంది. వివరణ బాగుంది. దస్తావేజులో ఏడో పేజీ, సరిగ్గా అమ్మకపు మొత్తం ఉన్నదే, తలకిందులుగా ఉంది.

వెనక్కి తీసుకునే దారి లేదు. Partial పుణ్యమా అని, పేజీని తిప్పి, ఇది ఇంతకుముందు పంపిన దస్తావేజులోని ఏడో పేజీయేనని రెండు ముక్కలు రాసి మళ్లీ పంపాను. అది కూడా దించి చూసుకున్నాక Full పెట్టి ముగించాను. నోటీసు, పంపిన ఫైళ్లు, నంబర్ల పేజీలు, మెయిళ్లు అన్నీ ఒకే ఫోల్డర్లో వేసి, పెన్ డ్రైవ్‌లోకీ ఎక్కించాను.

మా ఆవిడకి మాత్రం తృప్తి లేదు. "ఇన్ని ఉన్నా ఆ తెర ఫోటో ఇంకా గ్రూపులోనే ఉందండీ, మా అన్నయ్య నిన్న దానికి 'కంగ్రాట్స్ బావగారూ' అని పెట్టాడు" అంది.