నువ్వే రాసుకురా, సంతకం పెడతా

బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజం దర్జాగా విదేశాలకు వెళ్తుంది. దాన్ని జపాన్‌కు పంపడం కోసమే 1960ల్లో తూర్పు కనుమల్ని తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలుమార్గం వేశారు. విశాఖ రేవులో ఓడెక్కే ఆ ఖనిజం వెంట ఒక పరీక్షా పత్రం ఉంటుంది. ఇనుము ఎంత శాతం, సిలికా ఎంత, అల్యూమినా ఎంత, తేమ ఎంత అన్నవి అందులో అంకెల్లో రాసి ఉంటాయి. "ఈ ఖనిజము సత్ప్రవర్తన గలది, కష్టించి పనిచేయు స్వభావము కలది" అని అందులో ఎవరూ రాయరు. రాస్తే కొనేవాడు ఓడనే వద్దంటాడు.

అదే కొండ మీద పనిచేసే కుర్రాడు విదేశం వెళ్లాలంటే మాత్రం మనవాళ్లు రాసిచ్చేది సరిగ్గా ఆ వాక్యమే. అదీ వాళ్లు రాయరు. వాడిచేతే రాయిస్తారు.

ఏ సంస్థలో అని అడక్కండి. ఇలా రాయించే సారు లేని సంస్థ లేదు. కుర్రాడిది పార్వతీపురమో బొబ్బిలో అనుకోండి. మైనింగ్ ఇంజనీరింగ్ చదివి వచ్చాడు. ఇప్పుడు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఎం.ఎస్. చేయాలని దరఖాస్తు పెడుతున్నాడు. సిఫార్సు లేఖలు మూడు కావాలి. రెండు కాలేజీ నుంచి, ఒకటి పనిచేసే చోటి నుంచి. టీ వేళ చూసి, సారు మూడ్ చూసి, తలుపు దగ్గర నిలబడతాడు.

"సార్, చిన్న రిక్వెస్టు."

"లీవా?"

"కాదు సార్, యూనివర్సిటీకి రికమెండేషన్ లెటర్…"

"ఓస్, ఇంతేనా! నువ్వే రాసుకురావయ్యా, సంతకం పెట్టేస్తాను. బాగా రాసుకో, మొహమాటపడకు."

చూడండి ఆ ఔదార్యం! కుర్రాడి గురించి సారుకు ఏమీ తెలియనక్కర్లేదు, కుర్రాడికి తన గురించి తెలిస్తే చాలు. సిలికా శాతం ఎంతో ఖనిజాన్నే చెప్పమన్నట్టు.

కుర్రాడు ఆ రాత్రి కూర్చుని తనను తాను పొగుడుకుంటాడు. పొగడ్త అలవాటు లేనివాడు కాబట్టి పాత సీనియర్ పంపిన నమూనా తెరుస్తాడు. ఆ సీనియర్ ఇంకో సీనియర్ దగ్గర తీసుకున్నదే అది. "డైనమిక్", "హార్డ్ వర్కింగ్", "టీమ్ ప్లేయర్". ఆ మూడు మాటలూ విశాఖ నుంచి జగదల్‌పూర్ దాకా అరిగిపోయాయి. మూడు లేఖలూ ఒకే చేత్తో రాస్తాడు కనుక మూడింట్లోనూ అవే వాక్యాలు, అవే కామాలు. ఫైలు వివరాల్లో రచయిత పేరు దగ్గర సారు పేరు బదులు కుర్రాడి పేరే నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. వేల లేఖలు చదివే అడ్మిషన్ కమిటీకి ఇవేవీ కొత్త కాదు. మూడు లేఖలు ఒకే గొంతుతో పాడుతుంటే పాడేదెవరో కనిపెట్టడానికి వాళ్లకు పెద్దగా సమయం పట్టదు. అనుమానం ముదిరితే దరఖాస్తు అక్కడితో సరి. సీటిచ్చాక తేలినా వెనక్కి తీసుకునే హక్కు వాళ్లు ముందే రాసి పెట్టుకుంటారు.

అసలు వినోదం ఆన్‌లైన్ దరఖాస్తులో ఉంది. అమెరికాలో 1974లో వచ్చిన ఒక చట్టం ప్రకారం విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కుంది. సిఫార్సు చేసేవాళ్లు దాపరికం లేకుండా రాయాలంటే, ఆ లేఖ చూసే హక్కును వదులుకుంటున్నానని దరఖాస్తుదారు ముందుగా ఒక గడిలో టిక్కు పెట్టవచ్చు. మనవాడు బుద్ధిగా టిక్కు పెడతాడు. తానే రాసి, తానే అచ్చుతప్పులు దిద్ది, తానే అప్‌లోడ్ చేయబోతున్న లేఖను ఇక చదవనని ఏడు సముద్రాల అవతలి వాళ్లకు ప్రమాణం చేస్తాడు. హరిశ్చంద్రుడు కూడా ఇంత త్యాగం చేయలేదు.

తర్వాత సారుకు లింకు వెళ్తుంది. ఆఫీసు మెయిల్ సారు తెరవరు, పాస్‌వర్డ్ గుమస్తాకు తెలుసు. అందుకని "నా పేరు మీద ఓ జీమెయిల్ నువ్వే తెరిచేయ్" అంటారు. ఆ క్షణానికి లేఖే కాదు, సారే దొంగ సారు అయిపోయారు. సంస్థ చిరునామా లేని మెయిల్‌ను విశ్వవిద్యాలయాలు అనుమానంగా చూడటం మామూలే, ఫోన్ చేసి కనుక్కున్నా కనుక్కోవచ్చు. ఇక లింకు తెరిస్తే ఒక పట్టిక. మీరు ఇప్పటిదాకా చూసినవాళ్లలో ఇతను పై ఒక్క శాతంలో ఉన్నాడా, అయిదులోనా, పదిలోనా, ఇరవై అయిదులోనా? "అన్నిటికన్నా పైది పెట్టెయ్," అంటారు సారు. ఆయన చేతికింద పనిచేసిన వాళ్లందరూ పై ఒక్క శాతంలోనే ఉంటారు. మిగతా తొంభై తొమ్మిది శాతం ఎక్కడున్నారో ఆ కొండకే తెలియాలి.

రాయడానికి ఒప్పుకోని సార్లు ఇంకో రకం. "ఎన్‌ఓసీ ఉందా? పై నుంచి పర్మిషన్ రావాలి కదా?" అంటారు. ఉద్యోగంలో ఉన్నవాడు బయట దరఖాస్తు పెట్టాలంటే సంస్థ అనుమతి కావాల్సి రావచ్చు, నిజమే. కానీ అది కుర్రాడికీ సంస్థకూ మధ్య సంగతి. సిఫార్సు అంటే నేను ఇతని పని చూశాను, ఇదీ నా అభిప్రాయం అని ఒక మనిషి చెప్పడం. ఆ రెండూ కలిపేస్తే ఫైలు తిరుగుతుంది, డిసెంబరు గడువు దాటిపోతుంది. ఆగస్టులో మొదలయ్యే చదువుకు డిసెంబరులోనే తలుపు మూసే చోట్లు చాలా ఉన్నాయి. వీడు వెళ్తే వానాకాలంలో గని ఎవరు చూస్తారన్న అసలు భయం ఏ ఫైల్లోనూ ఉండదు.

తప్పు సారుదే అనుకుంటే పొరపాటు. కుర్రాడు వెళ్లింది ఎవరి దగ్గరికి? హోదా చూసి వెళ్లాడు. ఆ పెద్దాయనకు వీడి పేరు హాజరుపట్టీలో తప్ప తెలియదు. పక్క సెక్షన్‌లో షిఫ్టు ఇంచార్జి ఉన్నాడు, వీడి పనంతా కళ్లారా చూశాడు. ఆయన కార్డు మీద బరువైన హోదా లేదని వీడు ఆ గుమ్మం తొక్కలేదు. తొక్కి ఉంటే ఆయన ఇలా రాసేవాడు: "వానొస్తే డంపర్లు జారే మలుపు ఒకటి ఉండేది. రోడ్డు వాలు మార్చి పక్కన కాలువ తవ్విద్దామన్నది ఇతనే. మొదటి కాలువ కొట్టుకుపోయింది. ఇతను సాకులు చెప్పలేదు, రాళ్లు పేర్పించి మళ్లీ వేయించాడు. మీటింగుల్లో గొంతు పెగలదు, లెక్క మాత్రం తప్పడు." విశేషణం ఒక్కటీ లేదు, లోపం దాచలేదు, కాబట్టే నమ్మబుద్ధేస్తుంది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల గణిత ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ రామానుజన్ గుమస్తా ఉద్యోగం కోసం రాసిన సిఫార్సు కూడా రెండు మూడు వాక్యాలే. గణితంలో, ముఖ్యంగా సంఖ్యలకు సంబంధించిన పనిలో, అసాధారణ శక్తి ఉందన్నాడు, అంకెల పనిలో వేగం ఉందన్నాడు, ఊరుకున్నాడు.

ఆ షిఫ్టు ఇంచార్జి దగ్గరికి కుర్రాడు ఖాళీ చేతులతో వెళ్లనక్కర్లేదు. గడువుకు నెలా నెలన్నర ముందే, చేసిన పనులు ఓ పేజీలో, ఏ కోర్సుకు ఎందుకు వెళ్తున్నాడో ఇంకో పేజీలో రాసి పట్టుకెళ్లవచ్చు. జ్ఞాపకానికి సాయం చేయడం వేరు, లేఖ తానే రాయడం వేరు. "నా గురించి గట్టిగా రాయగలరా సార్?" అని అడగాలి. ఆయన నసిగితే దండం పెట్టి బయటికి రావాలి. నసుగుతూ రాసిన లేఖ అసలు లేని లేఖకన్నా ప్రమాదం.

అన్నట్టు, మన సారుగారబ్బాయి కూడా ఈ ఏడాది అమెరికాకు దరఖాస్తు పెడుతున్నాడు. నిన్న క్యాంటీన్‌లో సారు మండిపడుతున్నారు. "మా వాడి ప్రొఫెసర్ ఏమన్నాడో తెలుసా? 'నువ్వే రాసుకురా, సంతకం పెడతా' అన్నాట్ట! నాలుగేళ్లు పాఠం చెప్పినవాడు నాలుగు వాక్యాలు రాయలేడా? బొత్తిగా బాధ్యత లేని మనుషులయ్యా!"

పక్కనే ఉన్న కుర్రాడు తలూపాడు. సారు చెప్పింది అక్షరాలా నిజం మరి.