ఎవరూ చేయని పనులు

మన జిల్లాలో పనులన్నీ వాటంతట అవే జరిగిపోతుంటాయి. నమ్మకం లేకుంటే ఏ ఆఫీసు నోటీసు బోర్డు దగ్గరైనా ఒక పూట నిలబడి చదవండి. రోడ్డు వేయబడింది. అర్జీ స్వీకరించబడింది. విచారణ చేయడమైనది. నిధులు మంజూరు చేయడం జరిగింది. వేసిన చెయ్యి లేదు, మంజూరు చేసిన మనిషి లేడు. దేవుడి మహిమ అనుకుందామంటే దేవుడి పేరైనా లేదు.

ఇదే జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతపు శాసనం ఒకటుంది. మనకు దొరికిన వాటిలో మొదటి తెలుగు శాసనం అదేనంటారు. అక్షరాలు అరిగిపోయినా, రేనాడును ఏలుతున్నవాడు ధనంజయుడని అందులో పేరుతో సహా తెలుస్తుంది. పద్నాలుగు వందల ఏళ్లు దాటినా రాయిమీద రాజు దొరుకుతున్నాడు. మొన్న కంప్యూటర్లో కొట్టిన నోటీసులో ఇంజనీరు దొరకడు.

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో ఈ భాష ఒక్కరోజు కూడా చెల్లదు. ‘నగ తూచబడినది, డబ్బు తరువాత ఇవ్వబడును’ అని చీటీ రాసి చూడండి. ఎవరు తూచినారు, ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అని అడిగిన తర్వాతే సేటు గల్లాపెట్టె తాళం వెతుకుతాడు. సొంత డబ్బు ఉన్నచోట కర్త దానంతట అదే వాక్యంలోకి వస్తుంది.

అందుకని, నోటీసు రాసే పెద్దలు పంపేముందు ఒకసారి తమ చిత్తుప్రతిని ఎట్లా చూసుకోవాలో చెప్పే సాహసం చేస్తున్నాను. కింది నమూనా నేను కల్పించిందే. ఎక్కడో చదివినట్టు అనిపిస్తే తప్పు నాది కాదు.

‘పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, పెన్నానది యందలి మోటార్లకు మరమ్మతులు చేపట్టడం జరిగినందున, సదరు పనులు పూర్తిచేయబడు వరకు నీటి సరఫరాలో అంతరాయము ఏర్పడు అవకాశమున్నందున, ప్రత్యామ్నాయ ఏర్పాట్లు చేయబడినవి కావున, ప్రజలు సహకరించవలసినదిగా కోరడమైనది.’

మొదటి పని, కర్తను వెతకడం. ‘బడు’ అనే కర్మణి ప్రయోగం చెడ్డదని బళ్లోనే చెప్పినారు కాబట్టి తెలివైనవాళ్లు కంప్యూటర్లో ‘బడ’ అని కొట్టి వెతుకుతారు. ఈ నోటీసులో అది రెండుచోట్ల దొరుకుతుంది: పూర్తిచేయబడు, చేయబడినవి. ఆ రెండూ దిద్ది చేతులు దులుపుకుంటారు. అసలు దొంగలు పక్కనే నిలబడి నవ్వుతుంటారు. ‘తెలియజేయడమేమనగా’, ‘చేపట్టడం జరిగినందున’, ‘కోరడమైనది’ అనేవాటిలో ‘బడ’ లేదు, కర్తా లేడు. ‘అంతరాయము ఏర్పడు’ అన్నది ఇంకా గడుసుది. చూడ్డానికి మామూలు క్రియే, కానీ నీళ్లు ఆపేది మనిషి కాదు, అంతరాయమే వచ్చి ఆపుతుందన్నట్టు ఉంటుంది. పైగా ‘బడ’ కోసం వెతికితే తడబడినవాడు, నిలబడినవాడు కూడా పట్టుబడతారు, పాపం. వాళ్లకు ఈ నేరంతో సంబంధం లేదు. కాబట్టి వెతకాల్సింది అక్షరాలను కాదు. ప్రతి క్రియ దగ్గరా ఆగి ‘ఎవరు?’ అని అడగాలి. జవాబు కాగితం మీద లేకపోతే అక్కడ గీత గీయాలి. ఈ నోటీసులో అట్లాంటి గీతలు ఆరు పడతాయి.

అట్లని ప్రతిచోటా పేరు కావాలని కాదు. రాత్రి మోటారు చోరీకి గురైందని రాస్తే తప్పేం లేదు, దొంగ తన పేరు రాసిపెట్టి పోలేదు కదా. ఫిర్యాదు చేసిన మనిషిని కాపాడాలనుకున్నప్పుడు పేరు దాచడమే ధర్మం. తేడా ఒకటే: రాసేవాడికి కర్త తెలియకపోవడం వేరు, తెలిసీ మింగేయడం వేరు.

రెండో పని, వాక్యాన్ని కోయడం. తెలుగులో అసలు క్రియ చివర్న వస్తుంది. ప్రొద్దుటూరులో ఎక్కిన వాక్యం జమ్మలమడుగులో ‘జరిగినందున’ దగ్గర ఆగి, ముద్దనూరులో ‘ఉన్నందున’ను ఎక్కించుకుని, పులివెందులలో గానీ క్రియను దింపదు. అప్పటికి చదివేవాడు ఎక్కడ ఎక్కాడో మర్చిపోయి ఉంటాడు. లెక్కపెట్టాల్సింది మాటలను కాదు, దారిలో వచ్చే ‘అందున’లను, ‘కావున’లను, ‘చేసి’లను, ‘గల’లను. రెండు దాటితే అక్కడ చుక్క పెట్టండి.

అయితే ఈ రెండు పనుల వరుస మారకూడదు. కర్తను వెతక్కముందే వాక్యం కోస్తే ‘మరమ్మతులు జరుగుతున్నాయి. అంతరాయం ఉంటుంది. ఏర్పాట్లు చేయబడ్డాయి’ అని వస్తుంది. పొట్టిగా ఉంది, చక్కగా ఉంది, ఏమీ చెప్పడం లేదు. గండికోట జలాశయం ముంపు ఊరి మనిషికి ‘పరిహారం చెల్లించబడును’ అని రెండే మాటల కాగితం ఇచ్చినా అంతే. దానికంటే పొట్టి వాక్యం ఉండదు. ఎవరు, ఎప్పుడు, ఎంత అన్న మూడు ప్రశ్నలు మాత్రం అట్లాగే ఉంటాయి.

మూడోది పరిభాష. ఇంగ్లీషు, రెవెన్యూ మాటలు తీసేస్తే సరిపోతుందనుకుంటారు. పులివెందుల చీనీతోట రైతుకు అడంగల్, వన్‌బీ, డీకేటీ మీకంటే బాగా తెలుసు. ఆయన తట్టుకుని పడేది మామూలు తెలుగులా కనిపించే మాటల దగ్గరే. ‘అంతరాయం’ అంటే గంటా, నాలుగు రోజులా? ‘ప్రత్యామ్నాయ ఏర్పాట్లు’ అంటే ట్యాంకరు. ‘సహకరించవలసినది’ అంటే ఖాళీ బిందెలతో ఆఫీసు ముందుకు రావద్దని. ఈ అర్థాలు ఆఫీసు గోడల లోపలే తెలుసు. పరీక్ష సులువు: ఆ నోటీసు అందుకునే మనిషికే చదివించి, ‘ఇప్పుడు నువ్వేం చేస్తావు?’ అని అడగండి. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగొద్దు. మర్యాదస్తుడు ఎవరైనా అయిందనే అంటాడు.

కాగితంలో మనిషిని ఖాళీగా వదిలితే ఏమవుతుందో మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల భూములు తర్వాత నిషేధిత జాబితాకెక్కి, తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవాళ్లు కూతురి పెళ్లికి ఎకరా అమ్ముకోలేకపోయారు. ఆ గడులు నింపడానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది.

ఇక మన నోటీసును దిద్దుదాం. ‘పెన్నలో మోటారు కాలిపోయింది. మంగళవారం ఉదయం 6 నుంచి బుధవారం సాయంత్రం 6 వరకు కొళాయి నీళ్లు రావు. ఆలోగా మా ఇంజనీరు కొత్త మోటారు బిగిస్తారు. మంగళవారం ఉదయం 8కి, సాయంత్రం 5కి మీ వీధికి ట్యాంకరు పంపుతాం. రాకపోతే కింద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి.’

ఇదంతా నాకు తెలిసిన సీనియర్ అసిస్టెంటు ఒకాయనకు చూపించాను. రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశాడు.

‘బాగుంది సామీ. అయితే ట్యాంకరు 8కి వస్తాదని ఎవురు చెప్పినారు నీకు?’

‘ఎవరూ చెప్పలేదన్నా. మీరే చెప్పాల.’

‘మేమింకా అనుకోలేదప్పా. ట్యాంకరు ఉందో లేదో కూడా చూడల్య. అందుకే కదా చేయబడినవి అని రాసేది!’

వ్యాకరణం పుస్తకాల్లో లేని సూత్రం ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. ‘బడు’ అన్నది భాషకొచ్చిన జబ్బు కాదు. ఇంకా తీసుకోని నిర్ణయానికి ముందే వేసిన సంతకం. నోటీసు దిద్దాలని కూర్చుంటే ట్యాంకరు వెతకాల్సి వస్తుంది, డ్రైవరుకు చెప్పాల్సి వస్తుంది, ఫోనెత్తడానికి ఒక మనిషిని కూర్చోబెట్టాల్సి వస్తుంది. ఒక్క వాక్యానికి ఇంత చాకిరీ!

అందుకే నా దిద్దుబాటు ఫైలు పై అధికారికి వెళ్లి, అంతే వేగంగా తిరిగొచ్చింది. అంచున ఎర్రసిరాతో రాసి ఉంది: ‘భాష మరీ స్పష్టముగా ఉన్నట్లు గమనించడమైనది. తగు విధముగా సవరించబడవలెను.’