గీత లావు, మూల గుండ్రం

టికెట్లు అమ్మే ఓ యాప్ ఐకాన్లు నా దగ్గరికి రివ్యూకి వచ్చాయి. మూడు ఉచిత ప్యాకుల నుంచి ఏరుకొచ్చిన సరుకు. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. అన్నిటినీ తెల్ల షీటు మీద 24 పిక్సెళ్ల సైజులో వరసగా నిలబెట్టి, కళ్లు సగం మూసి చూడాలి. చూశాను. గంట బొమ్మ గ్రూపు ఫోటోలో పెళ్లికొడుకు బాబాయిలా ముందుకు తోసుకొచ్చింది. పర్సు వెనక ఎక్కడో సన్నగా నక్కింది.

"అన్నా, రెండిటికీ స్ట్రోక్ రెండే. ప్యాకులో రాసి ఉంది" అన్నాడు మా డిజైనర్ కుర్రాడు.

రాసిన మాట నిజమే. కాకపోతే గంటను గీసింది 16 పిక్సెళ్ల గడిలో, పర్సును గీసింది 32 గడిలో. రెండిటినీ సాగదీసో కుదించో 24కి తెచ్చేసరికి గంట గీత 3 అయింది, పర్సు గీత ఒకటిన్నర. పైగా రెండూ గీతలుగా లేవు, అవుట్‌లైన్ చేసిన ఆకారాలు. అంటే మార్చుకోవడానికి అంకె కూడా మిగల్లేదు. 24 గడిలో మళ్లీ గీయాల్సిందే. కుర్రాడి ముఖం పర్సు కన్నా సన్నబడింది.

మూలల దగ్గర మోసం ఇంకా నాజూగ్గా ఉంటుంది. కార్డుకీ టికెట్‌కీ రేడియస్ 2 అన్నాడు. కార్డు ఇంకా గీతగానే ఉంది కాబట్టి ఆ 2 గీత మధ్యలో కొలిచింది. గీత మందం 2 కనుక బయటి అంచు 3, లోపలి అంచు 1. టికెట్ మాత్రం అవుట్‌లైన్ చేసింది. దానికి బయటి అంచు మీదే 2 కొలిచారు. అందులోంచి మందం తీసేస్తే లోపల సున్నా, కత్తిలాంటి మూల. అంకె ఒకటే అయినా రూపాలు రెండు. అందుకే రేడియస్ ఎంత అని కాదు, ఎక్కడ కొలిచావని అడుగుతాను.

ఇంతలో మేనేజర్ గారు వచ్చి, "గుండ్రటి ఐకాన్ చదరం కన్నా పెద్దగా ఉందండీ, ఇదేం కన్సిస్టెన్సీ?" అన్నారు. ఒకే కొలతలో గీస్తే వృత్తం కంటికి చిన్నగా ఆనుతుంది. అందుకే గూగుల్ మెటీరియల్ కొలతల్లో కూడా చదరం 18 అయితే వృత్తం 20. ఆయన నమ్మలేదు. స్కేలు తెప్పించారు.

కొలతలన్నీ సరిపోయాక గడియారం దొరికింది. పాత ప్రయాణాలకు గడియారం, రిఫండ్ పెండింగ్‌కు గడియారం, రిమైండర్‌కూ గడియారమే. మూడిటి గీతలూ అచ్చు గుద్దినట్టున్నాయి, అదే ప్రమాదం. డబ్బు ఎప్పుడొస్తుందో చూద్దామని నొక్కినవాడికి పోయినేడాది తిరుపతి ప్రయాణం కనిపిస్తుంది. పాత ప్రయాణాలకు వెనక్కి తిరిగే బాణమున్న గడియారం, రిమైండర్‌కు ఆ సన్నబెట్టిన గంట ఇచ్చాం. రిఫండ్‌కు బొమ్మే వద్దన్నాను. "రిఫండ్ రావాలి" అని అక్షరాల్లో రాయించాను.

మీ యాప్‌లోనూ ఐకాన్ల పేర్లు దాచేసి, పక్క సీటువాళ్లను ఏది ఏమిటో చెప్పమనండి. రెండిటికి ఒకే జవాబు వస్తే ఒకటి మార్చండి.