కంట్రోల్ లూప్‌తో కుస్తీ పట్టకుండా గట్టెక్కే చిట్కాలు

డీసీ మోటారుకి ఎన్‌కోడర్ తగిలించి, ఒక చిన్న రోబో చేతిని అడిగిన కోణంలో నిలబెట్టే పని మీకు అప్పగించారు. పీఐడీ లూప్ సెకనుకు వెయ్యిసార్లు, అంటే మిల్లీసెకనుకు ఒకసారి తిరగాలన్నారు. కంగారు పడకండి. ఒళ్ళు వంచకుండా పని ముగించడానికీ, తర్వాత వచ్చే మాట మీ మీద పడకుండా చూసుకోవడానికీ దారి చెబుతాను.

1. లూప్‌ని లినక్స్ మీదే పెట్టండి. బల్ల మీద రాస్ప్‌బెర్రీ పై ఎలాగూ ఉంది. మైక్రోకంట్రోలర్ జోలికి వెళ్తే టైమర్ రిజిస్టర్లు చదవాలి. అందులో టైమర్ నిండగానే ప్రాసెసర్ చేతిలో పని వదిలేసి మీ ఫంక్షన్‌లోకి దూకుతుంది. 72 మెగాహెర్ట్జ్ కార్టెక్స్-ఎం3లో ఆ దూకుడుకి మామూలుగా పట్టేది 12 సైకిళ్ళు, అంటే మైక్రోసెకనులో ఆరో వంతు. అంత కచ్చితంగా పనిచేసే చోట ఏది తేడా వచ్చినా తప్పు మీదేనని తేలిపోతుంది. లినక్స్‌లో అయితే మీ ప్రోగ్రామ్ ఎప్పుడు నిద్రలేవాలో షెడ్యూలర్ చూసుకుంటుంది, నింద కూడా అదే మోస్తుంది. ఇంత రాస్తే చాలు:

```c
while (1) {
    read_encoder();
    pid(0.001);
    set_pwm();
    usleep(1000);
}
```

`usleep(1000)` అంటే "కనీసం వెయ్యి మైక్రోసెకన్లు పడుకోనివ్వు" అని మాత్రమే. దానికి మీ లెక్కలకు పట్టే 130 మైక్రోసెకన్లు కలపండి. మామూలు ప్రాసెస్‌ని లేపడానికి కెర్నల్ 50 మైక్రోసెకన్ల దాకా వెసులుబాటు తీసుకుంటుంది. లేచి పరుగందుకోవడానికి ఇంకో పది వేసుకోండి. మొత్తం 1190. వెయ్యిసార్లన్న లూప్ 840 సార్లు తిరుగుతుంది. కోడ్‌లో 0.001 మాత్రం ముట్టుకోకండి. డెరివేటివ్ వేగాన్ని 19 శాతం ఎక్కువ చూపిస్తుంది, ఇంటిగ్రల్ తక్కువ పోగవుతుంది. చెయ్యి వణికితే `Kd` కాస్త తగ్గించండి, కుంగితే `Ki` కాస్త పెంచండి. దీన్ని ట్యూనింగ్ అంటారు. ఈ మాట చెప్పి వారం రోజులు హాయిగా గడపొచ్చు.

ఎవరో ఒకరు వచ్చి `clock_nanosleep`లో `TIMER_ABSTIME` పెట్టు, లేవాల్సిన సమయానికి ప్రతిసారీ ఒక మిల్లీసెకను కలుపుకుంటూ పో, అప్పుడు నీ పనికి పట్టిన కాలం పీరియడ్‌లో కలవదు అంటారు. తల ఊపండి. వాళ్ళు వెళ్ళాక ఫైల్ మూసేయండి.

2. సగటు మాత్రమే చెప్పండి. మొత్తం చిట్కాల్లో అన్నం పెట్టేది ఇదే. లూప్ లోపలే ప్రతి చుట్టుకీ ఒక లైను ఎస్‌డీ కార్డులోని లాగ్ ఫైల్‌కి `fprintf` చేయండి. చాలాసార్లు ఆ లైను మెమరీలోకి వెళ్ళి ఊరుకుంటుంది, ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి కార్డు తన సర్దుబాట్లలో పడి మీ ప్రోగ్రామ్‌ని 15 మిల్లీసెకన్లు నిలబెట్టేస్తుంది. నిమిషానికి యాభై వేల చుట్లు తిరిగే లూప్‌లో ఆ పదిహేనూ పంచితే చుట్టుకి మైక్రోసెకనులో మూడో వంతు కూడా రాదు. రిపోర్టులో సగటు చెక్కుచెదరదు.

మోటారుకి మాత్రం తెలుస్తుంది. చెయ్యి మిల్లీసెకనుకు రెండు కౌంట్ల చొప్పున నడుస్తోందనుకోండి. 16 మిల్లీసెకన్ల తర్వాత చదివితే 32 కౌంట్లు కనిపిస్తాయి. కోడ్ దాన్ని 0.001తో భాగించి, చెయ్యి పదహారు రెట్ల వేగంతో దూసుకుపోతోందని నమ్మి, గట్టిగా వెనక్కి లాగుతుంది. మరుచుట్టులో వేగం మళ్ళీ మామూలుగా కనబడితే వదిలేస్తుంది. బయటికి 'టక్' మని ఒక కుదుపు. గేర్లలో లూజు ఉందని చెప్పి మెకానికల్ వాళ్ళకి మెయిల్ పెట్టండి. వాళ్ళు గేర్‌బాక్స్ విప్పుతారు, మీకు ఇంకో మూడు రోజులు దొరుకుతాయి.

గరిష్ఠ ఆలస్యాన్ని ఎక్కడా రాసుకోకండి. `cyclictest` నడపకండి, అది ఆ అంకెనే `Max` కాలమ్‌లో నిలబెడుతుంది. లూప్ మొదట్లో ఒక పిన్‌ని అటూ ఇటూ తిప్పి ఆసిలోస్కోప్ పెట్టడం ఇంకా ప్రమాదం. మైక్రోకంట్రోలర్ టైమర్‌తో వచ్చే అంచు స్క్రీన్ మీద సన్నగా నిలబడుతుంది. మీ అంచు పక్కపక్కనే మందంగా పరుచుకుంటుంది, పక్క సీటు వాడికి కూడా కనబడుతుంది.

3. ఎవరైనా అసలు `dt` కొలవమని పట్టుబడితే `gettimeofday`తో కొలవండి. `CLOCK_MONOTONIC` వెనక్కి వెళ్ళదు, ఎగిరి దూకదు. దానితో మీకు లాభం లేదు. గోడ గడియారంలా టైము చెప్పేది వాడండి. పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు వచ్చాక పాత టైముతో లేస్తుంది, వైఫై దొరికి ఎన్‌టీపీ సరిచేయగానే ఒక్క దూకు దూకుతుంది. మీ లూప్ ఆలోపే మొదలై ఉంటే ఒక చుట్టుకి `dt` ఏడు గంటలు కావచ్చు. కోణంలో ఉన్న చిన్న తేడా ఏడు గంటలతో గుణించి ఇంటిగ్రల్‌లో చేరుతుంది, పీడబ్ల్యూఎం చివరంటా వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. ఇంటిగ్రల్‌కి హద్దు పెట్టకండి. ఆఫీసులో రోజంతా ఆన్‌లో ఉండే బోర్డుకి ఇది రాదు, పొద్దున్నే క్లయింటు దగ్గర ఆన్ చేసినప్పుడే వస్తుంది. అందుకని "మా దగ్గర బాగానే పనిచేసిందండీ" అని నిజాయితీగా చెప్పొచ్చు.

4. `chrt -f 99` పెట్టి, నిద్రే లేకుండా ఖాళీ లూప్‌లో టైము చూస్తూ తిప్పండి. డిఫాల్ట్‌గా కెర్నల్ రియల్‌టైమ్ పనులకు సెకనులో 950 మిల్లీసెకన్లే ఇచ్చి, మిగతా 50 పక్కన పెడుతుంది. చాలా కెర్నళ్ళలో మీ లూప్ సెకనుకొకసారి ఆ 50 మిల్లీసెకన్లూ ఆగుతుంది. వాటిలో `sched_rt_runtime_us`లో -1 రాస్తే ఆ అడ్డూ పోతుంది. ఆ కోర్ మీద ఇరుక్కున్న మామూలు పనులు ఇక లేవవు. ఎస్‌ఎస్‌హెచ్ కూడా బిగుసుకుపోతే మరీ మంచిది, లోపలికొచ్చి చూసేవాళ్ళుండరు.

5. మైక్రోకంట్రోలరే వాడాలని పైనుంచి గట్టిగా చెబితే ఆర్డ్యూనో ఊనో తీసుకోండి. 16 మెగాహెర్ట్జ్‌ని 64తో భాగిస్తే సెకనుకు రెండున్నర లక్షల టిక్కులు. వెయ్యి హెర్ట్జ్ కావాలంటే `OCR1A`లో 249 రాయాలి, సున్నా నుంచి లెక్క కాబట్టి. మీరు 250 రాయండి, 996 వస్తుంది, ఎవరూ చూడరు.

అసలు పని ఇంటరప్ట్ లోపల చేయండి. అక్కడే `Serial.print`తో 22 అక్షరాల లైను పంపండి, వేగం 9600 ఉంచండి. అక్షరానికి మిల్లీసెకను పైచిలుకు పడుతుంది. మొదటి రెండు లైన్లు 64 బైట్ల బఫర్‌లో ఇరికి చకచకా పోతాయి, అంతా బాగుందనిపిస్తుంది. బఫర్ నిండాక ప్రతి లైనూ దాదాపు 23 మిల్లీసెకన్లు మిమ్మల్ని లోపలే కట్టేస్తుంది. ఆ లోపల వేరే ఇంటరప్ట్‌లకు తలుపు మూసి ఉంటుంది. మీ టైమర్ ఇరవైమూడుసార్లు తట్టినా ఒకటే గుర్తుంటుంది. ఎన్‌కోడర్ పల్సులదీ అదే గతి. చెయ్యి ఎక్కడుందో చిప్‌కి తెలియదు, సున్నాకి రమ్మంటే రోజుకో చోటికి వస్తుంది. చేతి గడియారం పక్కన పెట్టి చూస్తే `millis()` బాగా వెనకబడి కనిపిస్తుంది. చూడకండి. ఎన్‌కోడర్ చవకరకమని చెప్పి కొత్తది ఆర్డర్ పెట్టండి.

6. చివరికి ఎవరో ఒకరు రాజీ తెస్తారు: లూప్ మైక్రోకంట్రోలర్‌లో తిరగాలి, లినక్స్ ఎటు వెళ్ళాలో మాత్రమే యూఎస్‌బీ మీద చెప్పాలి. ఒప్పుకోండి, కాకపోతే కోణం పంపకుండా వేగం పంపండి. టైమౌట్ పెట్టకండి. వంద మిల్లీసెకన్లుగా మాట రాకపోతే మోటారు ఆపెయ్ అనే నాలుగు లైన్లు రాయడం దండగ. కేబుల్ ఊడినా, లినక్స్ వేలాడినా, చివరిగా చెప్పిన వేగంతో చెయ్యి తిరుగుతూనే ఉంటుంది, స్టాపర్‌ని తాకినా నెడుతూనే ఉంటుంది. డెమో రోజు పవర్ స్విచ్ దగ్గర ఒక జూనియర్‌ని నిలబెట్టండి, పేరు రిపోర్టులో 'సేఫ్టీ ఇన్‌ఛార్జ్' అని ముందే రాసి ఉంచండి.