మామయ్య స్వాగత లేఖ

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా మామయ్యది బియ్యం హోల్‌సేల్ కొట్టు. జిల్లాలో ఎవరు కొత్తగా అంగడి పెట్టినా వాళ్లకి స్వాగత లేఖ పంపుతాడు. టైపు చేసే వెట్టి నాది. "మహారాజశ్రీ" అని మొదలయ్యే ఉత్తరం రేట్ల దగ్గరికొచ్చేసరికి కరెంటు బిల్లు భాషలోకి దిగిపోతుంది.

మొన్న మైపాడు కుర్రాడికి పంపిన ఉత్తరమే చూడండి. బస్తా 26 కిలోలు. 25 ఎందుకు కాదయ్యా అని అతను అడిగాడు. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న లేబుల్ బస్తాల మీద 5 శాతం జీఎస్టీ పడింది. మిల్లులవాళ్లు ఒక కిలో కలిపి ఆ పన్ను దాటేశారు. ఈ ఉపాయం తానే చెప్పినట్టు మామయ్య మీసం దువ్వుతాడు.

ధర మూడు మెట్లు. పది బస్తాల లోపు 1,400, పది నుంచి 1,370, యాభై నుంచి 1,350. కుర్రాడు ఎనిమిది చాలన్నాడు. 11,200 అయింది.

"అబ్బయ్యా, పది తీసుకుంటే 13,700. అంటే ఆ పై రెండూ 1,250 లెక్కన పడ్డట్టే గదా!"

లెక్కలో తప్పు లేదు. కానీ కుర్రాడి కొట్లో వారానికి నాలుగే పోతాయి. మిగతా డబ్బు మూటల్లో కూర్చుంటుంది, తేమ పట్టిందంటే పురుగొస్తుంది. ఉత్తరంలో ఆ మాట ఉండదు. దింపుడు హమాలీ కొన్నవాడిదేనని మాత్రం అడుగున సన్నక్షరాల్లో ఉంటుంది.

ఆర్డరు ముందురోజు సాయంత్రం ఆరులోపు వాట్సాప్‌లో పెట్టాలి. ఏ రకం, ఎన్ని బస్తాలు రాయాలి. ఫోన్లో చెబితే చెల్లదు. ఇంత గట్టిగా రాయించినాయన, ఎవరు ఫోన్ చేసినా "సరేలే పంపిస్తా" అని అగ్గిపెట్టె మీద రాసుకుంటాడు. పదహారు బస్తాలకి పదిహేడు దిగితే, "వాట్సాప్‌లో పెట్టమని రాశా గదా!" అని వాళ్లనే కసురుతాడు.

ఇందుకూరుపేట, మైపాడు వైపు బండి మంగళవారం, శుక్రవారం. ముత్తుకూరు, కృష్ణపట్నం వైపు బుధవారం, శనివారం. పెళ్లి ఉందని అడిగితే మాత్రం ఆదివారం కూడా కదులుతుంది. అదెక్కడా రాయనివ్వడు, రాస్తే అందరింటా పెళ్లిళ్లేనట.

అప్పు పదిహేను రోజులు. పాత బిల్లు తీరాకే కొత్త సరుకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటే పల్లెల్లో అంగళ్లన్నీ అరువు మీదే నడుస్తాయి. అప్పుడు మైపాడు కుర్రాడు ఏం పెట్టి బిల్లు కడతాడు? మామయ్య నిబంధన పక్కన పెట్టి బస్తాలు పంపుతూనే ఉంటాడు. పొద్దున్నే ఏడింటికల్లా ఫోన్ చేస్తాడు.

"డబ్బు కోసం కాదబ్బయ్యా... ఇంకెన్ని రోజులుంది వేటకి?"

తేదీ తెలియక కాదు. క్యాలెండర్లో జూన్ 15 చుట్టూ ఎర్రసున్నా చుట్టింది తనే.