గీత బాగుందని ఇంట్లో కూర్చోవద్దు

మా డెంకణికోటలో ఇప్పుడు చాలా ఇళ్లలో బీపీ మిషను పక్కన ఇంకో చిన్న పరికరం చేరింది. రెండు చేతుల వేళ్లూ దానిమీద ముప్పై సెకన్లు పెడితే సెల్లులో ఈసీజీ గీత వస్తుంది. గీతతోపాటే సలహాలూ వస్తాయి. ఈసీజీ తీసే పనిలో ఏళ్లు గడిపినదాన్ని కాబట్టి ఆ సలహాల్లో ఏవి తప్పో చెప్పాలి.

మొదటి సలహా: "Sinus Rhythm అని వచ్చిందా, ఇంక గుండెకేమీ లేదు." అన్నిట్లోకీ ప్రమాదమైనది ఇదే.

గీతలో మొదట కనిపించే చిన్న గుట్ట P. గుండె పైగదులకు కరెంటు పాకినప్పుడు అది వస్తుంది. తర్వాత సూదిలా లేచేది QRS, అంటే కింది గదులకు కరెంటు అందడం. చివరి వెడల్పాటి గుట్ట T, ఆ గదులు మళ్లీ సిద్ధమవడం. ఈ మూడూ వరసగా, సమానమైన ఎడంతో వస్తుంటే పరికరం సైనస్ రిథమ్ అంటుంది. తాళం సరిగా ఉందన్నంత వరకే దాని అర్థం. రక్తనాళం మూసుకుపోయిందా లేదా అన్నది అది చెప్పదు.

ఎందుకంటే రెండు చేతుల మధ్య తీసే గీత గుండెను ఒక్క పక్కనుంచే చూస్తుంది. దానికి లీడ్ వన్ అని పేరు. ఐంథోవెన్ అనే డచ్చి డాక్టరు నూరేళ్ల కిందట మనుషుల చేతులు ఉప్పునీళ్ల తొట్లలో పెట్టించి తీసిన గీతల్లో ఇదీ ఒకటి. ఆస్పత్రిలో పది వైర్లు తగిలించి పన్నెండు దిక్కులనుంచి చూస్తారు. గుండె అడుగు గోడకు దెబ్బ తగిలితే తెలిసేది ఎక్కువగా కాళ్లవైపు చూసే లీడ్లలోనే.

మా వీధిలో ఒక చిన్నమ్మకు ఒకరోజు తెల్లవారుజామున వాంతి వచ్చేలా ఉండి, దవడ లాగి, ఒళ్లంతా చెమట పట్టింది. కొడుకు పరికరం పెట్టి చూశాడు. Sinus Rhythm. "గ్యాసే అయ్యుంటుంది, సోడా తాగి పండుకోమ్మా" అన్నారు పక్కింటివాళ్లు. గీత నాకు చూపించారు. గీత బాగానే ఉంది, ఆమె ముఖం బాగాలేదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోతే పన్నెండు లీడ్ల ఈసీజీలో II, III, aVF మూడింటిలోనూ QRS దిగాక గీత మట్టానికి రాకుండా పైనే నిలిచి ఉంది. గుండెపోటు. ఛాతీ బరువు, చెమట, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే పరికరం తియ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఆస్పత్రిలో తీసిన మొదటి ఈసీజీ కూడా ఒక్కోసారి మామూలుగానే ఉంటుంది. అందుకే మళ్లీ తీస్తారు, రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు.

రెండో సలహా దీనికి తలకిందులు: "Possible AFib అని వచ్చింది, రక్తం పలచబడే మాత్ర మొదలుపెట్టు." ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే పైగదులు తాళం లేకుండా అదరడం. అందులో P గుట్టలుండవు, సూదుల మధ్య ఎడాలకు ఒకదానికొకటి పొంతన ఉండదు. మా చిన్నాయన గులాబీ తోటలో చలికి వణుకుతూ వచ్చి పెట్టుకుంటే ఈ మాట వచ్చింది. గీతంతా ముళ్లకంపలా ఉంది, P ఏదో తెలియదు. ఒక కాగితం అంచు మీద సూదుల చోట్లు గుర్తుపెట్టి చిన్న గళ్లు లెక్కపెట్టాను. 20, 20, 21, 20. గీత సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున నడుస్తుంది, చిన్న గడి 0.04 సెకను. అంటే ఎడం 0.8 సెకను, నిమిషానికి 75. తాళం తప్పలేదు, వణికింది కండరం. పది నిమిషాలు కూర్చోబెట్టి, మోచేతులు బల్లమీద ఆనించి తీస్తే ప్రతి సూదికీ ముందు P కనిపించింది. అదే 14, 23, 17, 26 అని వచ్చి, P లేకుండా, రెండోసారీ అలాగే ఉంటే ఆ గీతతో డాక్టరు దగ్గరికి పోవాలి. పలచబడే మాత్ర ఇవ్వాలా వద్దా అన్నది వయసు, బీపీ, షుగరు, పాత పక్షవాతం చూసి ఆయన తేల్చేది.

ఇంకొకటి, "T తలకిందులయింది, బ్లాకు" అని. P, QRS, T మూడూ తిరగబడి ఉంటే ముందు ఏ చెయ్యి ఎటు పెట్టారో చూడండి. చాలామార్లు కుడి ఎడమలు మారి ఉంటాయి.

గుండె దడ వచ్చిపోయేవాళ్లకు మాత్రం ఈ పరికరం నిజంగా మేలు. ఆస్పత్రికి చేరేలోపు దడ ఆగిపోతుంది, అప్పుడు తీసిన ఈసీజీలో ఏమీ కనిపించదు. దడ ఉండగానే గీత తీసి, టైము, ఆ సమయంలో ఏం చేస్తున్నారు, కళ్లు తిరిగాయా లేదా రాసిపెట్టుకోండి. పోయినేడు మా చిన్నాయన చూపించిన అలాంటి ఒక గీతే డాక్టరుకు పనికొచ్చింది.