పుక్కిలింపు పండితులు

పన్ను పీకిన డాక్టరు చెప్పేది మూడు ముక్కలే. దూది అరగంట పైన కొరికిపట్టుకో, ఉమ్మకు, ఇవాళ పుక్కిలించకు. ఇంటి గుమ్మంలో కాచుకుని ఉన్న పండితుడికి ఆ మూడూ నచ్చవు. “చెడు రక్తం బావా, ఉమ్మేయ్! ఉప్పునీళ్లు గట్టిగా పుక్కిలించు, మొత్తం కడుక్కుపోతుంది.”

కడుక్కుపోతుంది, నిజమే. పోయేది ఆ గుంటను కాపాడుతున్న రక్తపు గడ్డ! పన్ను వదిలిన చోట రక్తం గడ్డకట్టి ఎముకనూ నరాల కొసలనూ కప్పుతుంది. కొత్త కండ దాన్ని పట్టుకునే పైకి పెరుగుతుంది. ఆ గడ్డ ఊడినా, ముందే కరిగిపోయినా ఎముక బయటపడుతుంది. అదే డ్రై సాకెట్. కింది దవడ జ్ఞానదంతాల దగ్గర ఎక్కువ. (జ్ఞానం ఊడిన చోటికే సలహాలు చేరతాయి మరి.)

మన బావగారు శనివారం పన్ను తీయించుకున్నారు. సాయంత్రానికి రెండు చెంబుల ఉప్పునీళ్లు, నొప్పి మరిచిపోవడానికి ఒక సిగరెట్టు. ఆదివారం బాగానే ఉంది, పండితుడు మీసం మెలేశాడు. తగ్గాల్సిన నొప్పి సోమవారం రాత్రి రెట్టింపై చెవిలోకీ కణతలోకీ పాకింది. నోట్లో దుర్వాసన, చేదు. బిళ్ల వేసినా లొంగలేదు. టార్చి వేసి చూస్తే నల్లెరుపు గడ్డ ఉండాల్సిన చోట ఖాళీ గుంట, అడుగున పాలిపోయిన ఎముక.

పండితుడు మెడికల్ షాపుకి పరిగెత్తి యాంటీబయాటిక్ పట్టుకొచ్చాడు. జ్వరం లేదు, వాపు లేదు, చీము లేదు. ఇక ఆ బిళ్ల ఎవరితో యుద్ధం చేయాలి? ఊడిన గడ్డను అది తిరిగి తేలేదు.

పన్నుల డాక్టరు చేసింది చిన్న పని. గోరువెచ్చని సెలైన్‌తో గుంటను మెల్లగా కడిగి, యూజినాల్ ఉన్న మందు పెట్టారు. కాసేపటికే బావగారి ముఖం విచ్చుకుంది. ఒకటి రెండు రోజులకోసారి ఆ మందు మార్చి, నొప్పి బిళ్లలు ఇచ్చారు. వారం పది రోజుల్లో గుంట లోపల కండ కప్పుకుంది.

యూజినాల్ లవంగ నూనెలో ఉండేదే. అది తెలిసిన పండితుడు “నేను చెప్పలా!” అని లవంగాలు కుక్కడానికి బయల్దేరాడు. లవంగం ముక్క గుంటలో ఇరుక్కుంటుంది, పచ్చి నూనె కండను కాలుస్తుంది. కొలత తెలిసిన చేతిలోనే అది మందు.

పాపమంతా పండితుడిదే అనను. పన్ను తీయడం కష్టమైనా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, ఎంత జాగ్రత్తపడ్డా ఇది రావచ్చు. కానీ మొదటి రోజు పుక్కిలింపు, పొగ, స్ట్రాతో పీల్చడం మన చేతిలో ఉన్నవి. ఉప్పునీళ్లు మర్నాటి నుంచి, అదీ నోట్లో మెల్లగా తిప్పి వదిలేయడమే.

మూడో రోజు నొప్పి పెరిగితే పీకిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. జ్వరం, వాపు, చీము, మింగలేకపోవడం కనిపిస్తే అది వేరే జబ్బు, ఆ రోజే వెళ్లండి. పండితుణ్ణి మాత్రం ఇంట్లోనే ఉంచి రండి.